స్పాన్సర్‌షిప్ లెటర్ వేరు, ఫీజు ఒప్పందం వేరు: పార్ట్‌టైమ్ పీజీకి కంపెనీ మద్దతు తీసుకునేవారికి

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే మూడేళ్ల పార్ట్‌టైమ్ పీజీలో చేరదామనుకుంటున్నాను. స్పాన్సర్ చేయడానికి కంపెనీ ఒప్పుకుంది. ఫీజులో 80 శాతం తిరిగిస్తారట, కానీ ఆ తర్వాత రెండేళ్లు మానకూడదట. హెచ్‌ఆర్ వాళ్లు "డ్రాఫ్ట్ మీరే రాసుకురండి, చూసి సంతకం పెడతాం" అన్నారు. ఫీజు షరతులు, స్టడీ లీవ్ అన్నీ ఆ లెటర్‌లోనే రాయాలా? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

జవాబు: హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్లుగా ఇలాంటి లెటర్లు తయారు చేస్తున్నాను, వెనక్కి వచ్చినవాటిని సరిచేస్తున్నాను కూడా. డ్రాఫ్ట్ మీ చేతికి రావడం మంచిదే. ముందు దాన్ని రెండు కాగితాలుగా విడదీయండి. యూనివర్సిటీకి వెళ్లేది ఒక్క పేజీ లెటర్. ఫీజు ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద తిరిగిస్తారు, మీరు మానేస్తే ఏమిటి, సెలవు ఎన్ని రోజులు అన్నవన్నీ మీకూ కంపెనీకీ మధ్య ఉండే ఒప్పందంలోకి పోవాలి.

ఎందుకంటే ఆ రెండింటినీ చదివేవాళ్లు వేరు. అడ్మిషన్స్ సెక్షన్‌కి కావలసింది కొద్దిపాటి సమాచారం: ఈ మనిషి నిజంగా అక్కడ ఉద్యోగా, ఎప్పటినుంచి, క్లాసులకు వదులుతారా, కోర్సు అయ్యేదాకా ఈ అనుమతి నిలుస్తుందా, ఫీజు ఎవరు కడతారు. అంతే. దానికి మీరు "సంతృప్తికరమైన పనితీరు కనబరిస్తేనే రీయింబర్స్‌మెంట్" లాంటి వాక్యం జోడిస్తే, కంపెనీ ఇంకా మనసు గట్టి చేసుకోలేదన్న అనుమానం వాళ్లకి వస్తుంది. ఇలాంటి ఒక్క వాక్యం వల్ల ఫైలు పక్కన పెట్టి వివరణ అడిగిన సందర్భాలు చూశాను. ఈలోగా దరఖాస్తు గడువు దాటిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఫీజు వాక్యం. "కోర్సు ఫీజును సంస్థ భరిస్తుంది" అని చాలామంది మంచి ఉద్దేశంతోనే రాస్తారు. అది చదివిన ఫీజు సెక్షన్ మిమ్మల్ని పక్కన పెట్టి బిల్లు నేరుగా కంపెనీ పేరు మీద పంపొచ్చు. మీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఆ బిల్లుకు మంజూరు ఉండదు, ఎందుకంటే వాళ్లకు తెలిసింది ఉద్యోగి కట్టి రసీదు తెస్తే తిరిగిచ్చే పద్ధతి. బిల్లు అలా పడి ఉంటుంది. మీ రిజిస్ట్రేషన్ ఆగుతుంది, లేదా పరీక్ష రాశాక ఫలితం బయటికి రాదు. కంపెనీయే నేరుగా కట్టే ఏర్పాటు కావాలంటే దానికి చాలా యూనివర్సిటీల్లో వేరే ఫారం ఉంటుంది, అది నింపాలి. మీది రీయింబర్స్‌మెంట్ కాబట్టి లెటర్‌లో ఆ మాటే తేటగా ఉండాలి.

యూనివర్సిటీ తన సొంత నమూనా ఇచ్చి ఉంటే అక్షరం మార్చకుండా అదే వాడండి. ఇవ్వకపోతే లెటర్ మధ్య భాగం ఇలా ఉంటే సరిపోతుంది:

"పై ఉద్యోగి మా సంస్థలో ఫలానా తేదీ నుంచి పూర్తికాల ఉద్యోగిగా, వంతెనల డిజైన్ విభాగంలో సీనియర్ ఇంజనీర్ హోదాలో పనిచేస్తున్నారు. మీ విశ్వవిద్యాలయంలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పార్ట్‌టైమ్ పీజీ కోర్సులో ప్రవేశం లభించిన పక్షంలో, కోర్సు కనీస వ్యవధి అయిన మూడు సంవత్సరాల పాటు తరగతులకు, ప్రయోగశాలకు, పరీక్షలకు హాజరయ్యేందుకు సంస్థ అనుమతిస్తోంది. అందుకు అవసరమైన పనివేళల సర్దుబాటు, పరీక్షల సెలవు మంజూరు చేస్తుంది. విశ్వవిద్యాలయానికి ఫీజు చెల్లించే బాధ్యత ఉద్యోగిదే. ఆ మొత్తంలో సంస్థ వాటాను, ఉద్యోగితో చేసుకున్న ప్రత్యేక ఒప్పందం ప్రకారం, ఉద్యోగికి తిరిగి చెల్లిస్తుంది."

వంతెనల డిజైన్ అన్నది ఉదాహరణకే. మీరు రోజూ చేసే పని ఏదో ఆ చోట పేరు పెట్టి రాయండి. "నైపుణ్యాభివృద్ధికి తోడ్పడుతుంది" అని రాస్తే ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసర్‌కి ఏమీ తెలియదు. కోర్సుకూ మీ పనికీ ఉన్న సంబంధం హోదా, విభాగం పేరులోనే కనిపించాలి, దాని గురించి ఉపన్యాసం అక్కర్లేదు. జీతం ఎంతో రాయొద్దు, అడిగితే తప్ప.

సంతకం విషయంలో ఒక్క మాట. మీ మేనేజర్ ఎంత పెద్దవాడైనా సరే, కంపెనీ తరఫున మాట ఇచ్చే అధికారం ఉన్నవాళ్లే సంతకం పెట్టాలి, సాధారణంగా హెచ్‌ఆర్ హెడ్ లేదా డైరెక్టర్. లెటర్‌హెడ్, తేదీ, రిఫరెన్స్ నంబర్, ఆఫీసు మెయిల్ ఐడీ ఉండాలి. యూనివర్సిటీ వాళ్లు ధ్రువీకరణకు ఆ మెయిల్‌కే రాస్తారు, అక్కడ జవాబిచ్చే మనిషికి మీ పేరు ముందే తెలిసుండాలి. మేనేజర్ సంతకంతో సరిపెట్టుకుంటే ఇంకో చిక్కుంది. ఆయన వేరే టీమ్‌కి మారినా, మానేసినా కొత్తాయన "నాకేం తెలియదు" అంటాడు.

ఇక అసలు డబ్బు ఉండేది ఒప్పందంలో. అందరూ చూసేది శాతం: 80 ఇస్తారా, 100 ఇస్తారా అని. నన్నడిగితే శాతం కంటే ముందు చూడాల్సింది ఎప్పుడిస్తారన్నది. సెమిస్టర్ ఫీజు మొదట్లోనే కట్టాలి. పరీక్షలు ఆరు నెలల చివర, ఫలితం ఆ తర్వాత ఇంకో నెలా రెండు నెలలకు, క్లెయిమ్ పెట్టాక జీతంతో కలిసి వచ్చేసరికి మరో నెల. అంటే మొదటి సెమిస్టర్ డబ్బు చేతికి వచ్చేలోపే రెండో సెమిస్టర్ ఫీజు కట్టేసి ఉంటారు. అలా కొన్ని నెలల పాటు రెండు సెమిస్టర్ల ఫీజు మీ జేబులోంచి బయట ఉంటుందని లెక్క వేసుకోండి. దానికి సిద్ధంగా లేకపోతే రిజిస్ట్రేషన్ రసీదు మీద సగం, ఫలితం మీద మిగతా సగం అడగండి. చాలా కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయి, ఎందుకంటే మీరు పాసైనంతవరకు మొత్తం ఖర్చు మారదు.

ఫలితం షరతును కూడా విడమర్చి రాయించుకోండి. "విజయవంతంగా పూర్తిచేస్తే" అంటే పాసైతే చాలా, ఫలానా గ్రేడు రావాలా? సెమిస్టర్‌లో మూడు పేపర్లుండి ఒకటి పోతే మొత్తం పోతుందా, ఆ పేపరు వాటానే ఆగుతుందా? పేపరు వారీగా అని రాస్తే గొడవ ఉండదు. తర్వాత మళ్లీ రాసి పాసైతే ఆగిన వాటా అప్పుడిస్తారని ఇంకో వాక్యం. మళ్లీ పరీక్ష రాయడానికి కట్టే ఫీజు, ఆలస్య రుసుము, పుస్తకాలు, ప్రయాణం మామూలుగా కంపెనీలు ఇవ్వవు, దాని గురించి ఎక్కువ వాదించొద్దు. క్లెయిమ్‌కి 60 రోజుల గడువు లాంటిది ఉంటే అది రసీదు తేదీ నుంచా, ఫలితం తేదీ నుంచా అని మాత్రం చూడండి. రసీదు తేదీ నుంచి అయితే ఫలితం రాకముందే గడువు ముగిసిపోతుంది. షరతేమో ఫలితం చూపించమంటుంది. ఇలాంటి ఒప్పందాలు నిజంగానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ రెండేళ్ల షరతు. మీ ప్రశ్నలో బరువైన మాట ఇదే. "కోర్సు తర్వాత రెండేళ్లలోపు మానేస్తే తిరిగి చెల్లించాలి" అన్న వాక్యాన్ని మూడు రకాలుగా రాయొచ్చు. మూడింటిలోనూ రెండేళ్లే ఉంటాయి, మీరు కట్టాల్సిన డబ్బు మాత్రం చాలా తేడా వస్తుంది. లెక్క వేసి చూపిస్తాను.

మొత్తం ఫీజు 6,00,000 అనుకుందాం. ఆరు సెమిస్టర్లు, ఒక్కోదానికి 1,00,000. కంపెనీ 80 శాతం అంటే ప్రతి సెమిస్టర్ చివర 80,000 ఇస్తుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఫలితం ఆలస్యాన్ని వదిలేద్దాం. 6వ నెల, 12వ నెల, అలా 36వ నెల దాకా ఆరుసార్లు, మొత్తం 4,80,000. కోర్సు 36వ నెలలో అయిపోయింది. మీకు మంచి అవకాశం వచ్చి 44వ నెలలో, అంటే కోర్సు అయిన ఎనిమిది నెలలకు రాజీనామా చేశారు.

మొదటి రకం: "రెండేళ్లు పూర్తికాకపోతే మొత్తం తిరిగి చెల్లించాలి." మీరు 4,80,000 కట్టాలి. కోర్సు అయ్యాక ఎనిమిదో నెలలో మానినా, ఇరవై మూడో నెలలో మానినా అంతే.

రెండో రకం: కోర్సు అయిన రోజు నుంచి నెలనెలా తగ్గుతూ వస్తుంది. 24 నెలల్లో 8 అయ్యాయి, 16 మిగిలాయి. 4,80,000లో 24కి 16 వంతులు, అంటే 3,20,000.

మూడో రకం: కంపెనీ ఇచ్చిన ప్రతి మొత్తానికి, అది ఇచ్చిన రోజు నుంచే దాని సొంత 24 నెలలు మొదలవుతాయి. 44వ నెల నాటికి మొదటి మూడు చెల్లింపులకు 24 నెలలు దాటిపోయాయి, వాటిమీద బాకీ లేదు. నాలుగోదానికి 4 నెలలు, ఐదోదానికి 10, ఆరోదానికి 16 మిగిలాయి. మొత్తం 30 నెలలు. 80,000ని 24తో భాగించి 30తో గుణిస్తే సరిగ్గా 1,00,000.

అదే మనిషి, అదే రాజీనామా: 4,80,000, 3,20,000 లేదా 1,00,000. మీ హెచ్‌ఆర్ మౌఖికంగా చెప్పిన "రెండేళ్లు" ఈ మూడింటిలో దేనికైనా సరిపోతుంది. డ్రాఫ్ట్ మీ చేతిలో ఉంది కాబట్టి మూడోది రాసి పెట్టండి. ఒప్పుకోకపోతే రెండోదాని దగ్గర ఆగండి. మొదటిదాని మీద సంతకం పెట్టొద్దని నా సలహా. కంపెనీకి కూడా అది మేలు చేయదు. రెండేళ్లలోపు ఎప్పుడు మానినా కట్టేది అంతే అయినప్పుడు, మానాలనుకున్నవాడు ఇంకొన్నాళ్లు ఆగడానికి కారణం ఉండదు. ఈ వాదన హెచ్‌ఆర్ ముందు పెడితే పనిచేస్తుంది.

కోర్సు మధ్యలో మానితే ఏమవుతుందో కూడా చూడండి. 20వ నెలలో వెళ్లిపోయారనుకోండి, అప్పటికి మూడు చెల్లింపులు, 2,40,000 వచ్చాయి. రెండో రకంలో గడియారం కోర్సు అయ్యాకే మొదలవుతుంది కాబట్టి ఆ 2,40,000 మొత్తం కట్టాలి. మూడో రకంలో 10, 16, 22 నెలలు, కలిపి 48 మిగిలి ఉంటాయి. అంటే 1,60,000. రెండో రకం దగ్గరే ఆగాల్సి వస్తే, మధ్యలో మానినవాళ్లకు కూడా ఏదో ఒక తగ్గింపు రాయించుకోండి.

ఇక్కడ ఇంకో ప్రశ్న: "మానేయడం" అంటే ఎవరు మానేయడం? ఒప్పందంలో "ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అని ఉంటే, కంపెనీయే ఖర్చు తగ్గించుకోవడానికి మిమ్మల్ని తీసేసినా డబ్బు మీరే కట్టాలి. ఆ మాటలు కొట్టేసి, ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేసినా, దుష్ప్రవర్తన రుజువై తొలగించినా మాత్రమే అని రాయండి. ఉద్యోగాల కోత, అనారోగ్యం, విభాగం మూసేయడం, కంపెనీయే స్పాన్సర్‌షిప్ ఉపసంహరించుకోవడం, వీటిలో తిరిగి చెల్లింపు ఉండదని వేరే వాక్యంలో రాయండి. కంపెనీ ఇంకొకరికి అమ్ముడైతే కొత్త యాజమాన్యం మిగతా సెమిస్టర్ల ఫీజు కూడా ఇస్తుందని రాయించుకోవడం మర్చిపోవద్దు. మీ బాకీ మాత్రం కొత్తవాళ్లకి బదిలీ అయి, ఫీజు ఇచ్చే బాధ్యత బదిలీ కాకపోతే మీకు రెండు వైపులా నష్టం.

తిరిగి కట్టే మొత్తంలో ఏం కలుస్తుందన్నది కొందరు గమనించరు. స్టడీ లీవ్ రోజుల జీతం, "శిక్షణ ఖర్చులు", వడ్డీ అంటూ చేర్చేవాళ్లున్నారు. నిజంగా రీయింబర్స్ చేసిన ఫీజుకి మించకూడదని ఒక్క వాక్యం చాలు. పన్ను కూడా చూసుకోవాలి. తిరిగిచ్చిన ఫీజును జీతంగా లెక్కగట్టి పన్ను కోస్తారా అన్నది దేశాన్ని బట్టి, కోర్సును బట్టి మారుతుంది, మీ పేరోల్ వాళ్లనే అడగండి. కోస్తే, 80,000 మీద మీ చేతికి వచ్చింది తక్కువ. మానేసినప్పుడు మాత్రం 80,000 లెక్కనే అడుగుతారు. "చేతికి అందిన మొత్తం మేరకు" అని రాయించుకుంటే ఈ తేడా మీ మీద పడదు. ఆఖరి జీతంలోంచి ఒక్కసారిగా కోసుకునే హక్కు కూడా ఇవ్వొద్దు. అలాంటి కోతకు చాలాచోట్ల కార్మిక చట్టాల పరిమితులుంటాయి. పన్నెండు నెలల వాయిదాలు అడగడంలో తప్పులేదు.

స్టడీ లీవ్ దగ్గర మాటలు మెత్తగా ఉంటాయి, కష్టం అక్కడే వస్తుంది. "పని ఒత్తిడిని బట్టి అనుమతించబడును" అన్న వాక్యం ఎంత మర్యాదగా కనిపించినా, పని గడువు ఉన్న వారంలో మీ పరీక్ష పడితే అది మీకు అక్కరకు రాదు. అందుకే సెలవును రెండు రకాలుగా చేయండి. పరీక్ష రోజు, వైవా, తప్పనిసరి ల్యాబ్ రోజు: వీటిని టైమ్‌టేబుల్ కాపీతో 15 రోజుల ముందు తెలియజేస్తే నిరాకరించడానికి వీల్లేదు. చదువుకోడానికి తీసుకునే రోజులు: మేనేజర్ వెనక్కీ ముందుకీ జరపొచ్చు, కానీ ఆ సెమిస్టర్‌లోపే ఇవ్వాలి. ఇలా విడదీస్తే మేనేజర్లు సులభంగా ఒప్పుకుంటారు, వాళ్ల చేతిలోనూ కొంత ఉంటుంది కాబట్టి.

ఎన్ని రోజులన్నది మీ పేపర్లను బట్టి లెక్క కట్టి అడగండి, ఉజ్జాయింపు అంకెలు అడిగితే బేరం మొదలవుతుంది. సెమిస్టర్‌కి మూడు పేపర్లయితే పరీక్షకి మూడు రోజులు, ఒక్కోదానికి ముందు రోజు చొప్పున మూడు, మొత్తం ఆరు. ఏడాదికి పన్నెండు. ప్రాజెక్ట్ రిపోర్టు ఇచ్చే చివరి ఏడాదికి అదనంగా పది. ఇవి జీతంతో కూడినవనీ, మీ మామూలు సెలవుల్లోంచి తగ్గించరనీ రాయాలి. ఈ రెండో మాట లేకపోతే, అప్పటికే మీకున్న సెలవునే "స్టడీ లీవ్" పేరుతో తిరిగిచ్చినట్టు అవుతుంది.

రోజువారీ క్లాసుల గురించి మాత్రం సెలవు భాషలో రాయకండి. వారానికి రెండు సాయంత్రాలు క్లాసులుంటే, ఆ రెండు రోజులు ఫలానా గంటకి బయల్దేరతారని, ఆ సమయం తర్వాత మీటింగులు పెట్టరని, ఆ గంటలు ఏ రోజు భర్తీ చేస్తారో రాయండి. యూనివర్సిటీలో కనీస హాజరు నిబంధన ఉంటే ఆ శాతం కూడా ఒప్పందంలో పెట్టండి. అప్పుడు "ఈ ఒక్క వారం మానేయి" అన్నప్పుడు ఎన్ని వారాలు మానగలరో మేనేజర్‌కి కూడా కనిపిస్తుంది.

మీరు దరఖాస్తు చేసేది స్పాన్సర్డ్ కేటగిరీలో అయితే, మధ్యలో ఉద్యోగం మారితే సీటు ఏమవుతుందో యూనివర్సిటీ నిబంధనల్లో ముందే చదవండి. కొన్నిచోట్ల కొత్త యజమాని నుంచి మళ్లీ లెటర్ తెస్తే చాలు, కొన్నిచోట్ల అంత సులభం కాదు. డబ్బు బాకీ కంటే ఇది పెద్ద నష్టం కావచ్చు.

వరుస ఇలా పెట్టుకోండి. లెటర్ అడిగిన రోజే ఒప్పందం డ్రాఫ్ట్ కూడా ఇవ్వండి, రెండింటి మీదా ఒకేసారి సంతకాలు తీసుకోండి. "లెటర్ ఇప్పుడు ఇచ్చేస్తాం, మిగతాది చేరాక చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు. చాలా కంపెనీల పాలసీలో రిజిస్ట్రేషన్‌కి ముందే మంజూరు ఉండాలి, ఆ తేదీకి ముందు కట్టిన ఫీజు క్లెయిమ్‌కి పనికిరాదు. సంతకాలైన ఒప్పందం కాపీ మీ దగ్గర ఉన్నాకే మొదటి సెమిస్టర్ ఫీజు కట్టండి.